పెళ్లి ఫొటో కింద నాలుగు మాటలు – 4వ పాఠం: పేర్లు లేకుండా పెళ్లి చెప్పడం

గత పాఠంలో ఒక పెళ్లి ఫొటోలన్నీ ముందు వేసుకుని చివరికి ఒక్కటి ఎంచుకున్నాం. జీలకర్ర బెల్లం పెట్టే క్షణం అది. పెళ్లికూతురి తల మీద వరుడి అరచేయి, కిందికి జారుతున్న అడ్డుతెర అంచు, ఆ అంచు మీదుగా ఆమె కళ్లు. వరుడి భుజం, చెవి తప్ప ముఖం కనిపించదు. పెళ్లి ఫొటోలు తీసే మనం దాన్ని ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టేటప్పుడు కింద ఏం రాయాలో ఈ వారం చూద్దాం.

మామూలుగా రాసేది ఇలా ఉంటుంది:

"ఫలానా అమ్మాయి, ఫలానా అబ్బాయిల కల్యాణం. ఫలానా ఫంక్షన్ హాలు, ఫిబ్రవరి 14. దేవుడు కలిపిన జంట. మీ మధుర క్షణాలను పదిలపరుస్తాం. బుకింగ్‌లకు సంప్రదించండి."

దీన్ని పెన్సిలు పట్టుకుని చదవండి. పేర్లు, హాలు, తేదీ ఆ కుటుంబానికి చెందినవి. దేవుడు కలిపిన సంగతి దేవుడికే తెలియాలి. "మధుర క్షణాలు" ఊళ్లో ప్రతి స్టూడియో బోర్డు మీదా ఉంటాయి. అన్నీ కొట్టేశాక ఫొటో తీసినవాడి పని గురించి ఒక్క ముక్కా మిగలదు. మనవి కాని వివరాలు తీసేసిన ఆ ఖాళీలో మన పనిని పెట్టడమే ఈ పాఠం.

ముందు అనుమతి సంగతి. 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, ఒకరు డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందం లేనప్పుడు, తొలి హక్కుదారు తీయించుకున్నవారే. కెమెరా మనదే కదా అన్న వాదన అక్కడ చెల్లదు. పైగా డబ్బిచ్చింది పెళ్లికూతురి తండ్రి అయి ఉండవచ్చు. ఆయన "పెట్టుకో బాబూ" అన్నంత మాత్రాన ఫొటోలో ఉన్న ఇద్దరూ ఒప్పుకున్నట్టు కాదు. నేను ఆల్బమ్ ఇచ్చే రోజున దంపతులిద్దరికీ ఎంచుకున్న ఫొటోను, దాని కింద రాయబోయే మాటలను వాట్సాప్‌లో పంపి, ముఖం కనిపించవచ్చా, ఎప్పుడు పెట్టవచ్చు అని అడుగుతాను. తరువాత వద్దనిపిస్తే తీసేస్తానని కూడా అందులోనే రాస్తాను. "సరే" అన్న జవాబు ఇద్దరి నుంచీ వచ్చాకే ముందుకు వెళతాను.

ఇప్పుడు పనితనం. ఫొటోలో కనిపించేదాన్నే మళ్లీ మాటల్లో చెప్పకండి. చేతులు, తెర, కళ్లు చూసేవారికి కనిపిస్తూనే ఉన్నాయి. వారికి కనిపించనిది మీరు ఆ క్షణానికి ముందు చేసిన పని. ఈ ఫొటో విషయంలో అది దీపాల గొడవ. మండపానికి రెండు వైపులా డెకరేషన్ వారి పార్ లైట్లు గులాబీ నుంచి ఊదాకు, ఊదా నుంచి నీలానికి మారుతూ ఉన్నాయి. ఆ వెలుగులో తీస్తే పసుపు రాసిన పాదాలు ఊదాగా, ముఖం ఒక చెంప గులాబీగా, ఇంకొక చెంప నీలంగా వస్తాయి. తరువాత కంప్యూటర్ ముందు కూర్చుని ఒక రంగు సరిచేస్తే రెండోది చెడుతుంది. (పెళ్లి ఆల్బమ్‌లలో కొన్ని నలుపు తెలుపు ఫొటోలు కళ కోసం కాక ఈ దీపాల నుంచి తప్పించుకోవడానికే పుడతాయి. మనలో మన మాట.) ముహూర్తానికి పది నిమిషాల ముందు వెళ్లి, "అన్నా, జీలకర్ర బెల్లం అయ్యేదాకా రంగులు ఆపి తెలుపు ఒక్కటి ఉంచండి" అని అడిగాం. ఆపారు. రాయాల్సింది ఇదే.

ఐఎస్ఓ 3200, 85 ఎంఎం లెన్స్ అని రాస్తే తోటి ఫొటోగ్రాఫర్లు మెచ్చుకుంటారు. కానీ మన దగ్గరికి వచ్చేది పెళ్లికూతురు, ఆమె తల్లి. "పసుపు పసుపుగానే వచ్చింది" అంటే వారికి ఒక్కసారిగా అర్థమవుతుంది.

ఇక పిలుపు. "బుకింగ్‌లకు సంప్రదించండి" అంటే చదివినవారు "రేటెంత?" అని మాత్రమే అడిగి ఊరుకుంటారు. ఏం చెప్పాలో మీరే అడగండి. ఊరు, నెల, ఎన్ని వేడుకలు, ఈ మూడు తెలిస్తే మీరు సూటిగా జవాబు ఇవ్వగలరు. విడిగా సందేశం పంపమని కూడా రాయండి. లేకపోతే ఎవరో ఒక తండ్రి అందరూ చూసే వ్యాఖ్యల్లోనే కూతురి పెళ్లి తేదీ, తన ఫోను నంబరు రాసేస్తారు. వచ్చిన దంపతుల గోప్యతతో పాటు రాబోయే దంపతులదీ మనమే చూడాలి. ముహూర్తాలు లేని ఆషాఢంలో ఇలాంటి పోస్టు పెట్టడం నాకు అలవాటు. శ్రావణం పెళ్లిళ్లు కుదిరినవారు అప్పుడే వెతుకుతుంటారు, మనకూ జవాబు రాసే తీరిక ఉంటుంది.

అన్నీ కలిపితే:

"తెర జారే ఆ క్షణంలో ఆమె కళ్లు ఎటు వెళతాయో ఎవరికీ తెలియదు.

వేదిక మీద రంగు దీపాలు మారుతూ ఉన్నాయి. ముహూర్తానికి పది నిమిషాల ముందు వాటిని ఆపించి తెల్ల దీపం ఒక్కటి ఉంచాం. అందుకే పసుపు పసుపుగానే, చీర ఎరుపు ఎరుపుగానే వచ్చాయి. ఎదురుగా కూర్చున్నవారికి అడ్డం రాకుండా పురోహితుడి వెనుక మోకాళ్ల మీద కూర్చుని తీశాం.

దంపతుల అనుమతితో, వారి పేర్లు లేకుండా.

శ్రావణం, మాఘం ముహూర్తాలకు గోదావరి జిల్లాల్లో పనిచేస్తాం. మీ ఇంట్లో పెళ్లి ఉంటే ఊరు, నెల, ఎన్ని వేడుకలో చెబుతూ విడిగా సందేశం పంపండి."

ఇన్‌స్టాగ్రామ్‌లో మొదటి ఒకటి రెండు వరుసలే కనిపించి, మిగతాది వేలితో నొక్కితేనే తెరుచుకుంటుంది. అందుకే దీపాల కథ కన్నా ముందు కళ్ల మాట పెట్టాను. పేర్లు లేవన్న వరుసను మాత్రం ఎంత చోటు తక్కువైనా తీసేయను. నా దగ్గరికి వచ్చినవారిలో కొందరు ఆ ఒక్క వరుస చూసే వచ్చారు.

మాటల్లో దాచినది ఫొటోలో బయటపడవచ్చు. ఒకసారి నేను పేర్లు, ఊరు ఏమీ రాయకుండా చక్కగా పోస్టు పెట్టాను. అరగంటలో పెళ్లికూతురు ఫోను చేసింది. "అన్నయ్యా, వెనకాల చూశారా?" మండపం వెనుక గోడ మీద థర్మాకోల్ అక్షరాల్లో ఇద్దరి పేర్లూ, పక్కన తేదీ. ముందున్న ముఖాలనే చూస్తూ ఎన్నిసార్లు దాటిపోయానో. అప్పటి నుంచి పెట్టే ముందు ఫొటోను పెద్దది చేసి నాలుగు మూలలూ చూస్తాను. స్వాగత బోర్డు, చదివింపుల కవర్ల మీద రాత, కారు నంబరు, పక్కన నిలబడ్డ పిల్లల ముఖాలు. లొకేషన్ ట్యాగ్‌లో హాలు పేరు బదులు జిల్లా చాలు.

పోస్టు పెట్టాక మేనత్తలు వస్తారు. "కంగ్రాట్స్ బంగారం" అంటూ పేరుతో సహా రాస్తారు. ఇన్‌స్టాగ్రామ్ సెట్టింగుల్లో మనం ఇచ్చిన పదాలున్న వ్యాఖ్యలను దాచే వీలుంది. దంపతుల పేర్లు, ముద్దుపేర్లు తెలుగులోనూ ఇంగ్లిషులోనూ అక్కడ ముందే చేర్చండి. మేకప్ చేసినవారికి, డెకరేషన్ వారికి ఒక మాట చెప్పి ఉంచండి, వారు దంపతుల ఖాతాను ట్యాగ్ చేస్తే మన జాగ్రత్తంతా వృథా.

ఈ వారం పని: మీ పాత పోస్టు ఒకటి తీసి, మీవి కాని వివరాలన్నీ కొట్టేయండి. మిగిలిన చోట, ఆ ఫొటో కోసం మీరు ఎవరిని ఏమని అడిగారో, ఎక్కడ నిలబడ్డారో రెండు వాక్యాల్లో రాయండి. గుర్తు రాకపోతే ఆ ఫొటో వదిలేసి ఇంకొకటి తీసుకోండి. వచ్చే పాఠంలో, "రేటెంత?" అని మాత్రమే అడిగినవారికి జవాబు రాద్దాం.