ఒక్క ఫొటోకి పదకొండు అభిప్రాయాలు

ఒకబ్బాయితో పరిచయమై మూడు వారాలే. ఆగలేక అతని ఫొటో కజిన్స్ వాట్సాప్ గ్రూపులో పెట్టేశాను. సాయంత్రానికి పదకొండు అభిప్రాయాలు! జుట్టు పల్చబడుతోందని వదిన, ముప్పై మూడేళ్లొచ్చినా పెళ్లెందుకు కాలేదో కనుక్కోమని పిన్ని.

అంతకంటే చెడ్డ అలవాటు, అతని మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు స్నేహితురాలికి పంపడం. ఒకరోజు అతను "సరే" అని మాత్రమే రాస్తే, ఇంట్రెస్ట్ తగ్గిందని తేల్చేసింది. ఆ రాత్రి నేను ముభావంగా మాట్లాడాను. పాపం, అది బండి మీద వెళ్తూ సిగ్నల్ దగ్గర ఆగి కొట్టిన "సరే" అట.

స్క్రీన్‌షాట్లు ఆ రోజే మానేశాను. తర్వాత అందరి మాటలూ కాగితం మీద రాసి, ప్రతిదాని పక్కనా ఒకటే ప్రశ్న వేసుకున్నాను: ఇది కళ్లారా చూసి చెప్పిందా, ఊహించి చెప్పిందా? మిగిలింది ఒక్కటే. అతన్ని ఒకసారి కలిసిన అన్నయ్య, "టిఫిన్ ఆలస్యమైందని సర్వర్ మీద అరిచాడు, చూశావా?" అన్నాడు. చూశాను. చూడనట్టు ఊరుకున్నాను.

అతన్నే అడిగాను. ముందు నవ్వేసి, తర్వాత తప్పే అన్నాడు. ఆ మాట నమ్మేసి ఊరుకోలేదు. నెల్లాళ్లు హోటళ్లలో, ఆటోవాళ్లతో ఎలా మాట్లాడుతున్నాడో గమనించాను. మళ్లీ అరవలేదు.

మిగతావాళ్లకి ఒకటే జవాబు: "ఇంకా తెలుసుకుంటున్నాను, ఏదైనా ఉంటే నేనే చెబుతా." ఇప్పుడు సలహా అడిగేది అన్నయ్యనొక్కడినే. పిన్ని మాత్రం ప్రతి ఆదివారం ఫోన్ చేసి అతని నక్షత్రం అడుగుతూనే ఉంది.