సేల్స్‌మెన్‌కు లైన్లు, షాపులు న్యాయంగా పంచడం ఎలా?

ఖమ్మంలో బిస్కెట్లు, చాక్లెట్లు, చిరుతిళ్లు సరఫరా చేసే ఒక డిస్ట్రిబ్యూటర్ దగ్గర నేను సేల్స్ చూసుకునే రోజుల్లో సత్తుపల్లి లైన్‌కు ఏడాదిన్నరలో ముగ్గురు కుర్రాళ్లు మారారు. ముగ్గురిలో ఒక్కరికీ టార్గెట్ రాలేదు. మొదటివాడు బద్ధకస్తుడనుకున్నాం, రెండోవాడికి మాట రాదనుకున్నాం. మూడోవాడు పొద్దున ఏడింటికే బండి తీసేవాడు, చీకటి పడ్డాక వచ్చేవాడు. ఒకరోజు అతనే అడిగాడు: "అన్నా, ఈ లైన్ మొత్తం తిరగాలంటే నెలలో ఎన్ని రోజులు కావాలో ఎప్పుడైనా లెక్క చూశారా?"

చూడలేదు. ఆ రాత్రి కూర్చుని చూస్తే ఇరవై ఎనిమిది రోజులు తేలింది. నెలలో పని దినాలు ఇరవై నాలుగు.

మనిషి మారినా ఫలితం మారకపోతే తప్పు లైన్‌ది. దాన్ని ఎలా సరిచేశామో ఇక్కడ చెబుతాను. లెక్క సులువుగా అర్థం కావాలని అంకెల్ని కొంచెం గుండ్రం చేశాను. మందులకైనా, పెయింట్లకైనా, ఎరువులకైనా పద్ధతి ఇదే. రోజుకు ఎన్ని షాపులు తిరగగలరన్న అంకె మాత్రం మారుతుంది.

1. ముందు షాపుల జాబితా రాయండి, మ్యాప్ తర్వాత

చాలామంది మ్యాప్ తీసి మండలాల వారీగా గీతలు గీస్తారు. మండలం సైజు చూసి షాపుల సంఖ్య చెప్పలేం. అందుకే మొదట ప్రతి షాపునూ ఒక్కో వరుసలో రాయండి: పేరు, ఊరు, వీధి, ఇప్పుడు ఎవరు వెళ్తున్నారు, ఎంత బాకీ ఉంది.

తర్వాత షాపుల్ని పెద్దవి ఏ, మధ్యరకం బీ, చిన్నవి సీ అని మూడు రకాలుగా విడదీయండి. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. మన దగ్గర ఎంత కొంటున్నాడన్నది చూసి రకం నిర్ణయిస్తారు. మన మనిషి సరిగ్గా వెళ్లని షాపు మన దగ్గర తక్కువే కొంటుంది కాబట్టి అది సీలో పడుతుంది. సీలో పడింది కాబట్టి ఇంకా తక్కువసార్లు వెళ్తారు. చూడాల్సింది ఆ షాపు మన రకం సరుకు మొత్తం ఎంత అమ్మగలదన్నది. పోటీ కంపెనీల జాడీలు ఎన్ని ఉన్నాయి, అట్టపెట్టెలు ఎన్ని ఖాళీ అవుతున్నాయి, పక్కన బడి ఉందా, బస్టాండ్ ఉందా? ఇవి షాపు ముందు ఐదు నిమిషాలు నిలబడితే తెలుస్తాయి. సేల్స్‌మ్యాన్ చెప్పినదాన్ని రాసుకోండి కానీ, ప్రతి లైన్‌లో కనీసం ముప్ఫై షాపులు మీరే స్వయంగా చూసి సరిపోల్చుకోండి.

హోల్‌సేల్ షాపుల్ని ఈ జాబితాలో కలపకండి. ఖమ్మం గాంధీచౌక్‌లో హోల్‌సేల్ వాళ్లు తీసుకున్న సరుకు పల్లెల్లోని చిన్న కిరాణా షాపులకు వెళ్తుంది. దాన్ని టౌన్ సేల్స్‌మ్యాన్ ఖాతాలో వేస్తే అతని అంకె ఉబ్బుతుంది, పల్లె లైన్ మనిషి ఆర్డర్ పోతుంది. పల్లె షాపువాడు "మేం టౌన్‌లోనే తెచ్చుకున్నాం" అన్న ప్రతిసారీ ఇదే జరుగుతోందన్నమాట. మేం హోల్‌సేల్ షాపుల్ని మా నలుగురు సేల్స్‌మెన్ లెక్కలోంచీ తీసేసి డిస్ట్రిబ్యూటర్‌కే అప్పగించాం. నలుగురి మధ్య సగం గొడవలు దాంతోనే ఆగాయి.

2. షాపుల్ని రోజుల్లోకి మార్చండి

ఇదే అసలు పని. ఏ షాపుకు నెలకు నాలుగుసార్లు, బీకి రెండుసార్లు, సీకి ఒకసారి వెళ్లాలని పెట్టుకున్నాం. టౌన్‌లో షాపులు పక్కపక్కనే కాబట్టి రోజుకు నలభై తిరగొచ్చు. పల్లె లైన్‌లో దారిలోనే సమయం పోతుంది, అక్కడ ఇరవై ఐదే. ఈ అంకెలు ఆఫీసులో కూర్చుని రాయకండి. ప్రతి లైన్‌లో ఒక రోజు మీరూ వెంట తిరిగితే నిజం తెలుస్తుంది.

ఖమ్మం టౌన్‌లో ఏ షాపులు 120, బీ 420, సీ 280. అంటే 480, 840, 280 కలిపి నెలకు 1,600 సార్లు వెళ్లాలి. నలభైతో భాగిస్తే 40 రోజులు. వైరా, తల్లాడ, కల్లూరు మీదుగా సత్తుపల్లి లైన్‌లో ఏ 30, బీ 170, సీ 240. మొత్తం 700 సార్లు, ఇరవై ఐదు చొప్పున 28 రోజులు. బోనకల్, మధిర వైపు ఇదే లెక్కన 15 రోజులు, కూసుమంచి, నేలకొండపల్లి వైపు 10 రోజులు వచ్చాయి.

మొత్తం 93 రోజుల పని. నలుగురు మనుషులు, ఒక్కొక్కరికి 24 రోజులు, అంటే 96. మనుషులు సరిపోతారు, పంపకం సరిగ్గా లేదంతే. అప్పటిదాకా టౌన్‌లో ఇద్దరికీ చెరో 20 రోజుల పనే ఉంది. మధిర, కూసుమంచి చూసేవాడికి 25, సత్తుపల్లి కుర్రాడికి 28. టౌన్ వాళ్లు మధ్యాహ్నానికల్లా పని ముగించుకుంటుంటే వాళ్లు చురుకైన వాళ్లని మేం మెచ్చుకున్నాం.

మొత్తం రోజులే మనుషుల రోజుల్ని దాటితే ఎంత పంచినా లాభం లేదు. సీ షాపులకు రెండు నెలలకోసారి వెళ్లాలి, దూరపు ఊళ్లకు సబ్‌డీలర్‌ని పెట్టాలి, లేదంటే ఇంకో మనిషిని తీసుకోవాలి.

3. హద్దులు గీయండి, పేర్లు చివర్లో రాయండి

ఇప్పుడు మ్యాప్ తీయండి. సత్తుపల్లి లైన్‌లో ఖమ్మానికి దగ్గరగా ఉన్నది వైరా. అక్కడి షాపుల్లో 5 రోజుల పనిని టౌన్ మనిషి ఒకరికి కలిపాం. కూసుమంచి రోడ్డులో టౌన్‌కు దగ్గరున్న షాపులు, 2 రోజుల పని, రెండో టౌన్ మనిషికి ఇచ్చాం. టౌన్‌ను వాళ్లిద్దరి మధ్య 21, 19 రోజులుగా సర్దాం. చివరికి నాలుగు లైన్లూ 23, 24, 23, 23 రోజులకు వచ్చాయి.

టౌన్ లోపల ఒక వీధిని ఇద్దరికి చీల్చకండి. రోడ్డుకు ఇటూ అటూ వేర్వేరు మనుషులుంటే ఎదురెదురు షాపుల వాళ్లు స్కీముల గురించి మాట్లాడుకుంటారు, ఎవడు ఎక్కువ ఇచ్చాడని మనల్నే నిలదీస్తారు. రైల్వే లైను, పెద్ద కాలువ లాంటివి మంచి హద్దులు.

జాబితాలు పూర్తయ్యేదాకా ఏ లైన్ ఎవరిదో రాయకండి. పేరు ముందే మనసులో ఉంటే సీనియర్‌కు మంచి షాపులు వాటంతటవే జారిపోతాయి. రెండు టౌన్ జాబితాల్లో 'ఏ' రకం షాపులు దాదాపు సమానంగా ఉన్నాయో లేదో చూసుకున్నాకే పేర్లు పెట్టాలి.

4. టార్గెట్‌ను లైన్ సత్తా నుంచి తీయండి

రోజులు సమానమయ్యాయి కదా అని టార్గెట్ కూడా సమానంగా ఇస్తే మళ్లీ మొదటికే వస్తాం. పల్లెలో ఒక రోజు కష్టానికి వచ్చే ఆర్డర్ టౌన్‌లో ఒక రోజుకు వచ్చేదానికంటే చాలా తక్కువ.

క్రమం తప్పకుండా వెళ్తున్న షాపుల సగటును మూడు నెలల బిల్లుల నుంచి తీశాం. ఏ షాపుకు నెలకు 6,000 రూపాయలు, బీకి 1,500, సీకి 400. దసరా, సంక్రాంతి నెలల్ని సగటులో కలపలేదు. కొత్త జాబితాలకు ఈ అంకెలు వేస్తే రెండు టౌన్ లైన్ల సత్తా సుమారు 7.9 లక్షలు, 8.3 లక్షలు. సత్తుపల్లి 4 లక్షలు, మధిర వైపు 4.4 లక్షలు. మొత్తం 24.6 లక్షలు.

కంపెనీ ఇచ్చిన టార్గెట్ 24 లక్షలు. దాన్ని నాలుగుతో భాగించి ఒక్కొక్కరికి 6 లక్షలు ఇస్తే ఏమవుతుందో చూడండి. టౌన్ వాళ్లకు నెల మూడో వారంలోనే టార్గెట్ అయిపోతుంది, తర్వాత వచ్చే ఆర్డర్లను వాళ్లు పై నెలకు దాచుకుంటారు. సత్తుపల్లి మనిషి 4 లక్షల లైన్‌లో 6 లక్షలు ఎక్కడి నుంచి తేగలడు? నెల చివర షాపుల్లో సరుకు బలవంతంగా దింపుతాడు, పై నెల అది తిరిగొస్తుంది. నెలాఖరు మూడు రోజుల్లోనే ఎక్కువ బిల్లులు పడి, తర్వాతి నెల మొదట్లో సరుకు వాపసు వస్తుంటే టార్గెట్ తప్పుగా ఉందని అర్థం.

అందుకే టార్గెట్ ఎవరి లైన్ సత్తాను బట్టి వాళ్లకు ఇవ్వాలి. ఇన్సెంటివ్ మాత్రం తమ టార్గెట్‌లో ఎంత శాతం చేశారన్నదానిమీద ఉండాలి. 4 లక్షల్లో 4 లక్షలు తెచ్చినవాడికీ, 8 లక్షల్లో 8 లక్షలు తెచ్చినవాడికీ ఒకే మొత్తం. టౌన్ వాళ్లు మొదట ఒప్పుకోలేదు. రోజుల లెక్క వాళ్ల ముందు పెట్టాక, పల్లె లైన్‌కు మారతారా అని అడిగితే ఎవరూ ముందుకు రాలేదు.

'పోయినేడాది అమ్మకం మీద ఇరవై శాతం' అనే పద్ధతి నాకు అసలు నచ్చదు. బాగా అమ్మినవాడి నెత్తిన పెద్ద భారం పెడుతుంది, నిద్రపోయినవాడికి చిన్న టార్గెట్ బహుమతిగా ఇస్తుంది.

ఒకవేళ కంపెనీ 30 లక్షలు అడిగితే సత్తాకు మించిన ఆ 5.4 లక్షల తేడాను నలుగురి మీదా చల్లకండి. మీ జాబితా పట్టుకెళ్లి చూపించండి: ఏ ఊళ్లో ఎన్ని కొత్త షాపులు కలిపితే, ఏ కొత్త రకం సరుకు ఇస్తే ఆ తేడా పూడుతుందో అడగండి. సమాధానం లేకపోతే ఆ అంకెకు ఆధారం లేదు.

నెలల వారీ పంపకం కూడా లైన్‌ను బట్టి మారాలి. పత్తి డబ్బు, వడ్ల డబ్బు చేతికొచ్చే నెలల్లో పల్లె షాపులు ఎక్కువ కొంటాయి. వేసవి సెలవుల్లో బడి పక్క షాపులు పడిపోతాయి. ఏడాది టార్గెట్‌ను పన్నెండుతో భాగిస్తే రెండు చోట్లా తప్పుతుంది.

5. షాపు చేతులు మారేటప్పుడు

వైరాలో 15 ఏ షాపులు సత్తుపల్లి కుర్రాడి చేతిలోంచి పోయాయి. అవి అతను కష్టపడి నిలబెట్టినవే, బాధపడ్డాడు. షాపులతో పాటు వాటి సత్తా అంతా అతని టార్గెట్ నుంచి తగ్గించి, ఆ అంకె అతనికే చూపించాం. మొదటి రెండు నెలలు ఆ షాపుల అమ్మకాన్ని ఇద్దరి ఖాతాల్లోనూ ఇన్సెంటివ్‌కు లెక్కేశాం. డిస్ట్రిబ్యూటర్‌కు కొంచెం ఖర్చయింది. కానీ పాత మనిషే కొత్త మనిషిని వెంటబెట్టుకుని షాపు షాపుకూ పరిచయం చేశాడు.

బాకీల సంగతి ముందే తేల్చుకోండి. చేతులు మారే రోజున ఇద్దరూ కలిసి ప్రతి షాపుకూ వెళ్లి బాకీ అంకె మీద షాపు యజమాని సంతకం తీసుకోవాలి. ఆ తేదీకి ముందున్న బాకీ వసూలు పాత మనిషిది, తర్వాతది కొత్తవాడిది. ఇది రాసుకోకపోతే ఆరు నెలల తర్వాత "ఆ డబ్బు ఆయనకే ఇచ్చేశాను" అనే షాపు ఒకటి తప్పకుండా బయటపడుతుంది.

6. మూడు నెలలకు ఏం చూడాలి?

అమ్మకం అంకె కంటే ముందు, వెళ్లాల్సిన షాపుల్లో ఎన్నింటికి వెళ్లారో చూడండి. వెళ్లడమే కుదరకపోతే రోజుల లెక్క తప్పింది, అంటే రోజుకు ఇరవై ఐదు షాపులన్నది ఆ దారిలో ఎక్కువేమో. అన్నింటికీ వెళ్లినా ఆర్డర్ రాకపోతే షాపుల రకం తప్పుగా రాశాం, లేదా మనిషికి నేర్పాల్సింది ఉంది. పక్క లైన్ మనిషిని వారం రోజులు అక్కడ తిప్పి చూస్తే ఈ రెండింట్లో ఏదో తేలుతుంది.

తేడా కనిపించినా ఏడాది మధ్యలో హద్దులు కదపకండి. టార్గెట్‌ను సరిచేయొచ్చు, షాపుల్ని మాత్రం లాక్కోకూడదు. బాగా పెంచిన లైన్‌ను ఒక్కసారి మధ్యలో కోస్తే మిగతా ముగ్గురూ తమ లైన్‌ను పెంచడం మానేస్తారు. కొత్త షాపు తెరిస్తే ఆ వీధి ఎవరిదో అది వాళ్లదే. మళ్లీ మొత్తం జాబితా తీసి, రోజులు లెక్కగట్టేది ఏడాదికి ఒకసారే.