ఖాతా మార్చుకుని వెళ్ళే పార్టీతో మాట్లాడే ముందు

ఏప్రిల్ వచ్చిందంటే జీఎస్టీ లెక్కలు రాసే మాబోటి చిన్న ఆఫీసుల్లో గుబులు మొదలవుతుంది. మార్చి 31తో పాత పద్దులు ముగించి, కొత్త సంవత్సరం ఫైలు ఇంకొకరికి ఇచ్చే పార్టీలు ఈ నెలలోనే బయటపడతారు. వాళ్ళని ఎలా ఆపాలన్నది వేరే సంగతి. ఎందుకు వెళ్తున్నారో వాళ్ళ నోటితోనే నిజం వినాలంటే మాత్రం కొన్ని పనులు ముందే చక్కబెట్టుకోవాలి.

అన్నిటికంటే ముందు కాగితాలు. తన తాళంచెవులు మన దగ్గర ఉన్నంతసేపూ ఏ వ్యాపారీ మనసులో మాట చెప్పడు. రిజిస్ట్రేషన్ చేసేటప్పుడు సులువుగా ఉంటుందని చాలా ఖాతాలకు మన సెల్ నంబరో, మెయిలో ఇచ్చేసి ఉంటాం. ఓటీపీలన్నీ మనకే వస్తుంటాయి. పోర్టల్‌లో వాటిని తీయించి ఆయనవి పెట్టించండి. ట్యాలీ బ్యాకప్, వేసిన రిటర్నుల కాపీలు, ఈ-వే బిల్లు పాస్‌వర్డు ఇచ్చేసి, ముట్టినట్టు సంతకం తీసుకోండి. ఫీజు బాకీ ఉంటే ఆ మాట ఇంకో రోజు పెట్టుకోండి. రెండూ కలిపితే ఆయన చెప్పే ప్రతి కారణమూ మనకి బాకీ ఎగ్గొట్టే ఎత్తులాగే వినిపిస్తుంది.

ఆ ఫైలు చూసిన కుర్రాడిని పంపకండి. వాడి ముందు మొహమాటపడతారు. మీరే షాపుకి, మధ్యాహ్నం బేరాలు పలచగా ఉన్న వేళ వెళ్ళండి.

ఇక అడగడం. "ఎందుకు మానేస్తున్నారండీ?" అంటే నూటికి తొంభైమంది "ఫీజు ఎక్కువైంది" అంటారు. ఎవరినీ నొప్పించని కారణం అది. అది విని "పోనీ ఐదొందలు తగ్గిస్తాలెండి" అన్నామా, ఇక బేరమే నడుస్తుంది, కారణం బయటికి రాదు. నేనైతే "మార్చాలని మీకు మొదట ఎప్పుడనిపించింది?" అని అడుగుతాను. ఎందుకు అంటే సంజాయిషీ చెప్పాలి, ఎప్పుడు అంటే గుర్తు తెచ్చుకుంటే చాలు. కొత్తగా ఎవరి దగ్గర చేరుతున్నారో, ఎంతకి ఒప్పుకున్నారో అడగకండి. అది కూపీ లాగడమవుతుంది.

మా దగ్గర ఒక హార్డ్‌వేర్ షాపు ఉండేది. నెలకి 3,000 ఫీజు. ఆయనా మొదట ఫీజే అన్నారు. ఎప్పుడనిపించిందంటే కాసేపు ఆలోచించి, "సెప్టెంబరు 20న. సాయంత్రం నాలుగింటికి మీవాళ్ళు ఫోన్ చేసి లక్ష కట్టాలన్నారు. 30,000 అనుకుని కూర్చున్నా. మిగతాది మా తోడల్లుడిని అడగాల్సొచ్చింది" అన్నారు.

సంగతి నాకు తెలిసిందే. ఆగస్టు అమ్మకాల మీద పన్ను 2,10,000. ఆయన పుస్తకాల ప్రకారం కొనుగోళ్ళ మీద రావలసిన క్రెడిట్ 1,80,000. కానీ ఒక సప్లయరు 11వ తేదీలోగా జీఎస్టీఆర్-1 వెయ్యలేదు. దాంతో 14న వచ్చిన 2బీలో 1,10,000 మాత్రమే కనబడింది. 70,000 తేడా నగదుగా కట్టక తప్పదు. సప్లయరు ఆలస్యంగానైనా వేస్తే తర్వాతి నెలల్లో ఆ క్రెడిట్ వస్తుంది.

నా పొరపాటు ఇక్కడే జరిగింది. ఉండబట్టలేక "అది మా తప్పు కాదండీ, మీ సప్లయరు..." అని మొదలుపెట్టాను. ఆయన వెంటనే "అయ్యో, మిమ్మల్ని అనట్లేదండీ, బాగానే చేశారు" అని టీ తెప్పించారు. ఆ టీతో సంభాషణ అయిపోయింది. లెక్క ప్రకారం నా మాట నిజమే. కానీ ఆయన చెప్పింది సప్లయరు గురించి కాదు, 14న మాకు తెలిసిన మాట 20 దాకా ఆయనకి చేరకపోవడం గురించి. అందుకే మాట్లాడే ముందే నిర్ణయించుకోండి: ఎంత తప్పుగా చెబుతున్నా ఆ రోజు దిద్దకూడదు. "తర్వాత?" అనడం వరకే మన వంతు.

విన్నది ఆ సాయంత్రమే, ఆయన మాటల్లోనే రాసిపెట్టుకోండి. తేదీ, సొమ్ము, మనిషి ఉన్న జవాబుని మన ఫోన్ మెసేజీలతో సరిచూడవచ్చు. "మా మేనల్లుడు సీఏ పాసయ్యాడండీ" అంటే మాత్రం తవ్వకండి. ఒక్కోసారి అంతకు మించి ఏమీ ఉండదు.

వీలైతే వాళ్ళ గుమాస్తాతో కూడా విడిగా ఒక మాట మాట్లాడండి, కానీ ఓనరుకి చెప్పాకే. నాకు మిగతా సగం అక్కడే తెలిసింది. నవంబరులోనూ జనవరిలోనూ మళ్ళీ అలాగే జరిగిందట. "20వ తారీఖు మీ నంబరు కనబడితే మా ఓనరుగారు ఫోను నాకిచ్చి బయటికెళ్ళిపోయేవారండీ" అన్నాడు.