హోమ్‌స్టేకు ముద్ర లోన్: దరఖాస్తులో ఆదాయం అంచనా ఎలా రాయాలి

2025-26 కేంద్ర బడ్జెట్‌లో హోమ్‌స్టేలకు కూడా ముద్ర లోన్లు ఇస్తామని ప్రకటించారు. కిశోర్ విభాగంలో రూ.5 లక్షల వరకు తాకట్టు లేకుండా అడగవచ్చు. ముందు udyamregistration.gov.in లో చిన్న వ్యాపారాలకు ఇచ్చే ఉద్యమ్ నంబరు తీసుకోండి, దానికి ఫీజు లేదు. తర్వాత jansamarth.in లో గానీ, మీ ఖాతా ఉన్న బ్యాంకులో గానీ దరఖాస్తు పెట్టండి. ఆధార్, పాన్, ఇంటి పన్ను రసీదు, మంచాలు, గీజర్ల కొటేషన్లు దగ్గర పెట్టుకోండి.

కాగితాలు చాలామంది సరిగానే ఇస్తారు. తేడా వచ్చేది ఆదాయం అంచనా దగ్గరే. మూడు గదులు, నెలంతా నిండుతాయి అని రాస్తే మేనేజర్ నమ్మరు. సంక్రాంతి మూడు రోజుల రద్దీ చూసి ఏడాదంతా లెక్కేయకూడదు.

కోనసీమలో మూడు గదుల ఇల్లు అనుకుందాం. నెలకు 90 గది-రాత్రులు. జూన్‌లో మొదలుపెడితే వానాకాలం, పైగా రివ్యూలు ఉండవు. అందుకే మొదటి మూడు నెలలకు 20 శాతం, అంటే 18 రాత్రులే రాయండి. తర్వాతి మూడు నెలలకు 30 శాతం, సీజన్ అందుకున్నాక 40 శాతం. చుట్టుపక్కల ఇళ్లు మామూలు రోజున, శనివారం రాత్రి ఎంత తీసుకుంటున్నాయో ఆన్‌లైన్‌లో చూసి, ఆఫర్ పోగా చేతికొచ్చే ధరనే వేయండి. అది సగటున రూ.2,000 అనుకుంటే మొదటి నెల రాబడి రూ.36,000.

కొత్తలో ఎక్కువమంది యాప్‌ల ద్వారానే వస్తారు. 80 శాతం బుకింగులు అలా వచ్చాయనుకుంటే, రూ.28,800 మీద 18 శాతం కమీషన్ రూ.5,184. ఆ కమీషన్ మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ, రూ.933. ఈ రెండోది అంచనాల్లో తరచూ తప్పిపోతుంది. కమీషన్ శాతం యాప్‌ను బట్టి మారుతుంది కాబట్టి మీ ఒప్పందంలో ఉన్నదే వేయండి.

మిగిలేది రూ.29,883. టిఫిన్, దుప్పట్ల ఉతుకు, సబ్బులకు రాత్రికి రూ.400 చొప్పున రూ.7,200, పనిమనిషికి, కరెంటుకు, నెట్‌కు రూ.15,000 తీసేస్తే చేతిలో రూ.7,683. రూ.5 లక్షలకు 11 శాతం వడ్డీతో ఐదేళ్ల వాయిదా దాదాపు రూ.10,900. అంటే నెలకు సుమారు రూ.3,200 లోటు.

ఈ లోటును దాచకండి. అదే కాగితం మీద చూపించి, మొదటి ఆరు నెలలు అసలు కట్టకుండా వడ్డీ మాత్రమే కట్టే మారటోరియం అడగండి. ఆరు నెలల తర్వాత 36 రాత్రులు నిండి, యాప్ బుకింగులు 80 నుంచి 50 శాతానికి తగ్గితే, ఇదే లెక్కన ఖర్చులు పోగా సుమారు రూ.35,000 మిగులుతుంది. వాయిదా కాస్త పెరిగినా కట్టగలరు. నేరుగా ఫోన్ చేసి వచ్చే వాళ్లు పెరుగుతారని ఊరికే రాస్తే సరిపోదు. వచ్చినవాళ్ల నంబర్లు రాసిపెట్టుకోవడం, గూగుల్ మ్యాప్స్‌లో ఇంటిని పెట్టడం లాంటివి ఏం చేస్తారో ఒక్క వాక్యంలో చెప్పండి. ఇంటర్వ్యూలో మేనేజర్ అడిగేది అదే.