లాభం ఉంది, మరి గల్లా ఖాళీ ఎందుకు? క్యాష్ ఫ్లో లెక్క ఇలా తీయండి

నర్సంపేటలో ఒక ఎరువులు, పురుగుమందుల దుకాణం ఉందనుకుందాం. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా 60 లక్షల అమ్మకం, ఖర్చులన్నీ పోను 5 లక్షల లాభం. కానీ ఏప్రిల్ 1న చేతిలో, బ్యాంకులో కలిపి 8 లక్షలున్న డబ్బు సెప్టెంబర్ 30కి లక్షకు దిగింది. ఎవరూ ఎత్తుకుపోలేదు, ఎటు పోయిందో కాగితం మీదే దొరుకుతుంది.

ముందు లాభం 5 లక్షలు రాయండి. అందులో తరుగుదల కింద లక్ష తీసేసి ఉంటారు, అది పుస్తకంలో ఖర్చే గానీ జేబులోంచి పోయిన డబ్బు కాదు, కాబట్టి తిరిగి కలిపితే 6 లక్షలు.

అసలు సంగతి రెండో అడుగులో ఉంది, ఇక్కడ తొందరపడొద్దు. ఖాతా పుస్తకం తెరిచి రైతుల దగ్గర ఉద్దెర ఆరు నెలల్లో ఎంత పెరిగిందో చూడండి. 18 లక్షలు. "పత్తి అమ్మినంక ఇస్తనన్నా" అని యూరియా, మందులు తీసుకుపోయిన రోజే అది అమ్మకంగా, లాభంగా ఎక్కేసింది, డబ్బు మాత్రం పత్తి ఏరి ఎనుమాముల మార్కెట్‌లో అమ్మితే గానీ రాదు. కాబట్టి 18 తీసేయండి. గోదాములో సరుకు 6 లక్షలు పెరిగింది, అదీ తీసేయండి. మనం కంపెనీలకు ఇవ్వాల్సిన బాకీ 9 లక్షలు పెరిగింది, ఇంకా కట్టలేదు కదా, అది కలపండి. 6 లోంచి 18, 6 పోయి 9 కలిస్తే మైనస్ 9 లక్షలు. అంటే 5 లక్షల లాభం చూపిన వ్యాపారమే 9 లక్షల నగదు మింగింది. ఆ కలిపిన 9 లక్షలను చూసి ధీమా పడకండి, గడువు రాగానే కట్టాల్సిందే.

తర్వాత సరుకు ఆటో కొన్న 4 లక్షలు తీసేయండి, ఈ ఆరు నెలల్లో తీసుకున్న బ్యాంకు అప్పులోంచి కట్టిన కిస్తీల అసలు పోను మిగిలిన 6 లక్షలు కలపండి. మొత్తం మైనస్ 7. మొదటి 8 లోంచి 7 పోతే లక్ష, బ్యాంకు, గల్లా లెక్కతో సరిగ్గా కలవాలి. కలవకపోతే ఎక్కువసార్లు ఇంటి ఖర్చుకు తీసుకున్న డబ్బు రాయడం మర్చిపోయి ఉంటారు.

ఈ మైనస్ 9 ఒక్కదాన్ని చూసి టెన్షన్ పడనక్కర్లేదు, వానాకాలం సీజన్‌లో ఇది మామూలే. మార్చి 31న ఇదే లెక్క మళ్లీ వేయండి. ఉద్దెర తగ్గి ఉంటే ఆ తగ్గిన మొత్తం ప్లస్‌గా వస్తుంది. తగ్గకపోతే ఖాతాలో ఒక్కో పేరు పక్కన తేదీ వేసి, పోయిన సీజన్ బాకీ ఇంకా కట్టనివాళ్లను విడిగా రాయండి, ఈసారి ఉద్దెర ఎవరికి ఆపాలో ఆ పేజీనే చెబుతుంది.