సెన్సర్ రిపోర్టులో ‘రేంజ్’ 56 శాతమే వస్తే: గంటలు ఎక్కడ పోతున్నాయి, ఎలా రాబట్టాలి

చేతికి పెట్టుకున్న షుగర్ సెన్సర్ రిపోర్టు తెరవగానే రంగురంగుల పట్టీ ఒకటి కనిపిస్తుంది. పచ్చ రంగు భాగమే ‘టైమ్ ఇన్ రేంజ్’. అంటే రోజు మొత్తంలో షుగర్ 70కి, 180కి మధ్య ఉన్న సమయం. చాలామంది ఆ శాతం చూసి సంతోషపడతారు, లేదా దిగులుపడి రిపోర్టు మూసేస్తారు. శాతాన్ని గంటల్లోకి మార్చి, ఆ గంటలు గడియారంలో ఎక్కడున్నాయో చూస్తేనే దానితో పని జరుగుతుంది.

లెక్క తేలిక. రోజుకు 1440 నిమిషాలు కాబట్టి ఒక శాతం అంటే 14 నిమిషాల పైచిలుకు. మధుమేహం ఉన్న పెద్దవాళ్లలో ఎక్కువ మందికి లక్ష్యం 70 శాతం పైన, అంటే రోజుకు దాదాపు 17 గంటలు. 180 దాటిన సమయం 25 శాతం లోపు ఉండాలి, అందులో 250 దాటింది 5 శాతం లోపే. 70 కంటే తక్కువ ఉన్న సమయం 4 శాతం లోపు, అంటే గంటకు మించకూడదు. 54 కంటే తక్కువ అయితే 1 శాతం లోపే, అంటే పావుగంట కూడా ఉండకూడదు. వయసు మళ్లినవాళ్లకు, షుగర్ పడిపోతే ప్రమాదం ఎక్కువగా ఉన్నవాళ్లకు 50 శాతం దాటితే చాలు. కానీ వాళ్లకు 70 కంటే తక్కువ సమయం 1 శాతం కూడా దాటకూడదు. గర్భిణులకు రేంజే వేరు, 63 నుంచి 140. ఇంట్లో ఒకరి లక్ష్యం ఇంకొకరికి సరిపోతుందని అనుకోవద్దు.

ముందు చూడాల్సింది: రిపోర్టు నమ్మదగ్గదేనా?

14 రోజుల్లో కనీసం 70 శాతం సమయానికి రీడింగులు ఉండాలి, అంటే దాదాపు పది రోజులు. స్కాన్ చేసి చూసుకునే సెన్సర్లు కొన్ని 8 గంటల సమాచారమే దాచుకుంటాయి. రాత్రి తొమ్మిదింటికి స్కాన్ చేసి మళ్లీ ఉదయం ఎనిమిదింటికి చేస్తే మధ్యలో మూడు గంటలు ఎగిరిపోతాయి. పడుకునే ముందు ఒకసారి, లేవగానే ఒకసారి స్కాన్ చేయడం అలవాటు చేసుకోవాలి.

నెల్లూరు, ఒంగోలు ఎండల్లో చెమటకు సెన్సర్ ఊడిపోతోందంటే చాలాసార్లు కారణం పెట్టిన రోజే ఉంటుంది. చేతికి కొబ్బరినూనె గానీ పౌడర్ గానీ ఉండకూడదు. సబ్బుతో కడిగి, స్పిరిట్‌తో తుడిచి, పూర్తిగా ఆరాకే అతికించాలి. మొదటి రోజు రీడింగులు కాస్త అటూఇటూ ఉంటాయి, వాటిని చూసి తిండి మార్చొద్దు. విటమిన్ సి మాత్రలు రోజుకు 500 మిల్లీగ్రాములకు మించి వేసుకుంటే కొన్ని సెన్సర్లు లేని షుగర్ చూపిస్తాయి.

ఒక రిపోర్టు

కావలిలో బట్టల కొట్టు నడిపే 54 ఏళ్ల మనిషి అనుకుందాం. మెట్‌ఫార్మిన్ రెండు పూటలా, టిఫిన్‌కు ముందు గ్లిమెపిరైడ్ 1 మిల్లీగ్రాము వేసుకుంటాడు. రిపోర్టులో రేంజ్ 56 శాతం, 180 పైన 41 శాతం, 70 కింద 3 శాతం.

41 శాతం అంటే పదిగంటలకు దగ్గర. గ్రాఫులో మధ్యన ఉండే ముదురు గీత వెంట గంటలు చూస్తూ పోతే మూడు గుట్టలు కనిపిస్తాయి. ఉదయం 8 నుంచి 11:30 వరకు ఒకటి, మధ్యాహ్నం 3 నుంచి 6 వరకు ఒకటి, రాత్రి 9:45 నుంచి ఒంటిగంట వరకు ఒకటి. మొత్తం 9 గంటల 45 నిమిషాలు. మిగతా సమయం దాదాపు అంతా బాగానే ఉంది. ఇతనికి ‘షుగర్ అదుపులో లేదు’ అని ఒక్క మాటలో అనేస్తే ఏం చేయాలో తెలీదు. మూడు పూటల తిండి తర్వాత మూడేసి గంటలు పోతున్నాయి అంటే తెలుస్తుంది.

లక్షణం: మధ్యాహ్నం భోజనానికి ముందు 70 కంటే కిందికి పడుతోంది

గుట్టల జోలికి వెళ్లకముందు దీన్ని సరిచేయాలి. సగటున 3 శాతమే, లక్ష్యం లోపే కదా అనిపిస్తుంది. కానీ రోజువారీ గ్రాఫులు విడివిడిగా చూస్తే 14 రోజుల్లో ఏడు రోజులు అసలు పడనే లేదు. మిగతా ఏడు రోజులు ఒంటిగంట నుంచి రెండున్నర దాకా పడే ఉంది. ఆ ఏడూ కొట్లో జనం ఉండి భోజనం ఆలస్యమైన రోజులు. గ్లిమెపిరైడ్ తిన్నామా లేదా అని చూడదు, ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తూనే ఉంటుంది.

ఇందులో ఇంకో చిక్కుంది. షుగర్ పడితే ఆకలి దంచేస్తుంది. ఆ ఆకలితో కూర్చుంటే రెండు కప్పులు తినే మనిషి మూడు కప్పుల అన్నం తింటాడు. మధ్యాహ్నం గుట్టకు సగం కారణం ఇదే.

పరిష్కారం: ఒంటిగంటకల్లా తినాలి. కుదరని రోజు పన్నెండున్నరకు గుప్పెడు ఉడికించిన శనగలో, ఒక జామకాయో తినాలి. అయినా పడుతుంటే ఈ రోజువారీ గ్రాఫులు డాక్టరుకు చూపించాలి. మాత్ర తగ్గించడమా, మార్చడమా అన్నది ఆయన నిర్ణయం. సొంతంగా ఆపేయొద్దు.

పడినప్పుడు వేలు గుచ్చి మీటరుతో ఒకసారి చూడాలి. అది వీలుకాకపోయినా, చెమటలు, వణుకు ఉన్నా ఆగకుండా వెంటనే గ్లూకోజ్ పొడి మూడు టీస్పూన్లు నీళ్లలో కలిపి తాగాలి. పదిహేను నిమిషాల తర్వాత మళ్లీ మీటరుతోనే చూడాలి. రక్తంలో షుగర్ లేచినా సెన్సర్‌లో అది కనిపించడానికి 5 నుంచి 15 నిమిషాలు పడుతుంది. ఇంకా లేవలేదని సెన్సర్ చూసి మళ్లీ మళ్లీ తాగితే గంటకు 250 చూస్తారు. వోగ్లిబోస్ లేదా అకార్బోస్ వేసుకునేవాళ్లకు పంచదార త్వరగా పనిచేయదు, గ్లూకోజే కావాలి.

లక్షణం: టిఫిన్ తర్వాత నిట్టనిలువుగా లేచి మూడున్నర గంటలు దిగదు

తెల్లవారుజామున ఒంట్లో కొన్ని హార్మోన్లు పెరుగుతాయి. వాటివల్ల ఉదయం పూట ఇన్సులిన్ అంత బాగా పనిచేయదు. రాత్రి తింటే 170 దగ్గర ఆగే టిఫిన్, పొద్దున తింటే 220కి పోవచ్చు.

ఇతని టిఫిన్ నాలుగు ఇడ్లీలు, శెనక్కాయల పచ్చడి, రెండు స్పూన్ల పంచదార వేసిన కాఫీ. మధ్య సైజు ఇడ్లీలో దాదాపు 10 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. కాఫీతో కలిపితే 50 గ్రాములు, అదీ మెత్తగా రుబ్బి ఆవిరిమీద ఉడికించిన బియ్యపు పిండి రూపంలో. కారం దోసె తిన్నా ఇంతే. షుగర్ లేపేది కారం కాదు, కింద ఉన్న దోసె.

పరిష్కారం: ఇడ్లీలు రెండుకు తగ్గించి, ముందు రెండు ఉడికించిన గుడ్లు తినాలి. గుడ్డు తిననివాళ్లు ఉప్మా లేకుండా పెసరట్టు వేసుకోవచ్చు. కాఫీలో పంచదార మానేయాలి. తిన్న పావుగంట, అరగంట లోపు పదిహేను నిమిషాలు నడవాలి. కొట్టుకు బండి మీద కాకుండా నడిచి వెళ్లినా సరే.

చాలా ఇళ్లలో ఇడ్లీ మానేసి రాగి జావ మొదలుపెడతారు. రాగులు మంచివే, కానీ మెత్తటి పిండిని నీళ్లలో కాచి తాగితే అది త్వరగా అరిగిపోతుంది. జావ తాగిన రోజు, ఇడ్లీ తిన్న రోజు గ్రాఫులు పక్కపక్కన పెట్టి చూసుకోండి.

లక్షణం: మధ్యాహ్నం గుట్ట

వండిన అన్నం 100 గ్రాముల్లో దాదాపు 28 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. మూడు కప్పులు, అంటే 450 గ్రాములు తింటే 126 గ్రాములు. ఒక వారం వంటింటి త్రాసులో తూచి చూస్తే గాని మనం ఎంత తింటున్నామో తెలీదు.

చేపల పులుసు మీద నింద వేయొద్దు. చేపలో పిండిపదార్థం లేదు. పులుసు రుచికి కలుపుకునే మూడో ముద్ద, నాలుగో ముద్దలోనే ఉంది సంగతంతా. 250 గ్రాముల అన్నం ముందే కంచంలో పెట్టుకుని గిన్నె పక్కకు తీసేయాలి. ముందు కూర, చేప ముక్కలు సగం తిని, అన్నం తర్వాత మొదలుపెట్టాలి. అదే భోజనం ఈ వరుసలో తింటే శిఖరం తగ్గుతుంది. ఉలవపాడు మామిళ్ల కాలంలో భోజనం మీద పండు తినే అలవాటుంటే, దాన్ని సాయంత్రానికి మార్చి రెండు ముక్కలతో ఆపాలి.

లక్షణం: రాత్రి

రాత్రి గీతను మూడు చోట్ల చూడాలి: పడుకునేటప్పుడు, మూడింటికి, లేచేటప్పుడు. పడుకునేటప్పుడు 230 ఉండి మూడింటికి 140కి దిగితే అది ఆలస్యంగా తిన్న భోజనం. మూడింటిదాకా తిన్నగా ఉండి తర్వాత లేస్తే అది తెల్లవారుజాము హార్మోన్ల పని. దానికి రాత్రి తిండి మానడం మందు కాదు, డాక్టరుతో మాట్లాడాలి. అర్ధరాత్రి ఉన్నట్టుండి 55కి పడి అంతే వేగంగా లేస్తే, సెన్సర్ ఉన్న చేతి మీద ఒత్తిగిల్లి పడుకోవడం వల్ల వచ్చిన తప్పుడు రీడింగ్ కావచ్చు. గుచ్చి చూస్తే తేలిపోతుంది. గ్లిమెపిరైడ్ లేదా ఇన్సులిన్ వాడేవాళ్లు గుచ్చి చూడకుండా దాన్ని కొట్టిపారేయకూడదు.

ఇతనిది మొదటి రకం. కొట్టు మూసి తొమ్మిదింటికి తిని పదిన్నరకు పడుకుంటున్నాడు. ఇంటి నుంచి క్యారియర్ తెప్పించుకుని ఏడున్నరకు కొట్లోనే తినడం దీనికి సరైన మార్గం. కుదరకపోతే అన్నం ఒక కప్పుకు తగ్గించి, వీధిలో పది నిమిషాలు నడిచి పడుకోవాలి.

ఇన్సులిన్ వాడేవాళ్లకు

30/70 హ్యూమన్ ఇన్సులిన్ తినడానికి అరగంట ముందు పొడుచుకోవాలి. పొడుచుకుని వెంటనే కంచం ముందు కూర్చుంటే అన్నం ముందు లేస్తుంది, మందు వెనక వస్తుంది. రెండు గంటలకు 260, నాలుగు గంటలకు 65 కనిపిస్తుంటే ముందు ఈ సమయం సరిచూసుకోవాలి. తర్వాత పొట్ట మీద చేత్తో తడిమి చూడాలి. ఒకేచోట పొడిచి గడ్డకట్టిన చోట మందు ఒకరోజు ఎక్కుతుంది, ఒకరోజు ఎక్కదు.

మార్చింది పనిచేసిందో లేదో ఎలా తెలుస్తుంది?

సెన్సర్ ఖరీదైనది, కాబట్టి ఉన్న 14 రోజుల్నే రెండుగా వాడుకోవాలి. మొదటి నాలుగైదు రోజులు మామూలుగా తిని, ఏం తిన్నారో ఎన్నింటికి తిన్నారో రాసుకోవాలి. తర్వాత ఒక పూటనే మార్చి మూడు రోజులు చూడాలి. మూడు పూటలూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలీదు, నాలుగో రోజుకు అన్నీ వదిలేస్తారు.

పై ఉదాహరణలో టిఫిన్ గుట్ట మూడున్నర గంటల నుంచి రెండుకు, మధ్యాహ్నానిది మూడు నుంచి రెండుకు, రాత్రిది రెండుకు దిగితే 180 పైన మొత్తం ఆరు గంటలు, అంటే 25 శాతం. భోజనం వేళకు తినడంతో పడిపోవడం 1 శాతానికి తగ్గితే రేంజ్ 74. ఒక్క గుట్టా పూర్తిగా పోలేదు, షుగర్ 180 దాటని రోజూ లేకపోవచ్చు, అయినా లక్ష్యం అందింది. ఇంత చేసినా గుట్టలు రెండున్నర గంటల దగ్గరే ఆగిపోతే తిండి ఇంకా కోయక్కర్లేదు. మార్పుకు ముందు, తర్వాత ఉన్న గ్రాఫులు రెండూ తీసుకుని మందుల గురించి డాక్టరు దగ్గరికి వెళ్లాలి.