పదహారేళ్లు నిండినా రజస్వల కాని అమ్మాయికి పరీక్షలు ఏ వరుసలో చేయించాలి?

మన కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఓణీల వేడుక ఎప్పుడని బంధువులు అడుగుతూనే ఉంటారు గనుక, అమ్మాయి ఇంకా పెద్దమనిషి కాలేదన్న దిగులు తల్లి మనసులో చాలా ముందే మొదలవుతుంది. అయినా విజయవాడలోనో గుంటూరులోనో హాస్టల్లో ఉండి ఇంటర్మీడియట్ చదివే పిల్లల విషయంలో డాక్టరును కలవడం మాత్రం వేసవి సెలవుల వరకు వాయిదా పడుతుంది. సెలవులు రాగానే చాలామంది నేరుగా స్కానింగ్ సెంటరుకు వెళ్తారు. స్కానింగ్ అవసరమే. కాకపోతే దానికంటే ముందు డాక్టరు కంటితో చూడవలసినది ఒకటి ఉంది, అది చూడకుండా చదివిన స్కానింగ్ రిపోర్టు ఒక్కోసారి కుటుంబాన్ని పూర్తిగా తప్పుదారి పట్టిస్తుంది. ఈ వ్యాసంలో ప్రధానంగా చెప్పదలచినది ఆ వరుస గురించే.

ఎప్పటివరకు ఆగవచ్చు?

పదహారేళ్లు నిండేవరకు ఆగాలన్నది పాత లెక్క. ఇప్పుడు రొమ్ముల ఎదుగుదల మామూలుగా ఉన్నా పదిహేనేళ్లకు నెలసరి మొదలుకాకపోతే, లేదా రొమ్ములు ఎదగడం మొదలై మూడేళ్లు దాటినా రాకపోతే పరీక్ష చేయించమంటున్నారు. పదమూడేళ్లు నిండినా రొమ్ముల ఎదుగుదల అసలు మొదలుకాకపోతే అప్పుడే చూపించాలి. నెలనెలా ఒకే తీరున పొత్తికడుపు నొప్పి వస్తూ రక్తస్రావం మాత్రం కనిపించకపోతే వయసుతో పనిలేదు, వెంటనే వెళ్లాలి. తల్లికి కూడా ఆలస్యంగానే వచ్చిందన్నది డాక్టరుకు పనికొచ్చే సమాచారమే, ఎందుకంటే కొన్ని కుటుంబాల్లో ఎదుగుదలే నిదానంగా సాగుతుంది. అయితే పదహారేళ్లు నిండిన పిల్ల విషయంలో ఆ ఒక్క మాట మీద ఊరుకోవడం సరికాదు.

వెళ్లేముందు సిద్ధం చేసుకోవలసినవి

తల్లిదండ్రుల ఎత్తులు, స్కూల్లో ఏటా నమోదైన అమ్మాయి ఎత్తు బరువులు, రొమ్ముల ఎదుగుదల ఏ తరగతిలో మొదలైంది, చిన్నప్పుడు గజ్జల్లో హెర్నియా ఆపరేషన్ ఏదైనా జరిగిందా, దీర్ఘకాలిక జబ్బులు, వాడుతున్న మందులు, ఈ మధ్య బాగా బరువు తగ్గడం, వాసనలు సరిగా తెలియకపోవడం వంటివి ఒక కాగితం మీద రాసుకుని వెళ్లాలి. హెర్నియాకూ నెలసరికీ ఏం సంబంధమని అనిపించవచ్చు. ఆ సంబంధం ఏమిటో ముందు ముందు తెలుస్తుంది.

పెళ్లికాని పిల్లకు లోపలి పరీక్ష చేస్తారేమోనని తల్లులు భయపడతారు. ఈ సమస్యలో ఆ అవసరం దాదాపు రాదు. తల్లి సమక్షంలో, అమ్మాయి ఒప్పుకున్న తర్వాత, రొమ్ములను, జననాంగాన్ని బయటి నుంచి చూస్తే చాలు. స్కానింగ్ కూడా నీళ్లు బాగా తాగించి, మూత్రాశయం నిండిన తర్వాత పొట్ట మీద నుంచే చేస్తారు. డాక్టరు కొద్దిసేపు తల్లిని బయట కూర్చోబెట్టి అమ్మాయితో విడిగా మాట్లాడితే నొచ్చుకోవలసిన పనిలేదు. గర్భ నిర్ధారణ పరీక్ష రాసినా అంతే. మొదటి నెలసరికి ముందే అండం విడుదల కావచ్చు గనుక, ఆ పరీక్ష అందరికీ రాసేదే తప్ప ఎవరి నడవడిక మీదా అనుమానంతో రాసేది కాదు.

డాక్టరు మొదట చూసేవి రెండు

మొదటిది రొమ్ముల ఎదుగుదల. రొమ్ములు ఎదగాలంటే ఈస్ట్రోజెన్ హార్మోను కావాలి, అది ప్రధానంగా అండాశయాల నుంచి వస్తుంది. కాబట్టి రొమ్ములు చక్కగా ఎదిగి ఉంటే శరీరంలో ఆ హార్మోను పనిచేసిందని అర్థం. రెండోది గర్భసంచి ఉందా లేదా అన్నది, దానికి స్కానింగ్ కావాలి. ఈ రెంటినీ కలిపి చదివితే దాదాపు అన్ని కారణాలూ ఏదో ఒక గుంపులో పడతాయి.

రొమ్ములు ఎదిగి, గర్భసంచి కూడా ఉండి, నెలనెలా నొప్పి వస్తున్న అమ్మాయిలో నెలసరి నిజానికి మొదలైనట్లే లెక్క. యోనిద్వారం దగ్గరి పొర మూసుకుపోవడం వల్లనో, లోపల అడ్డుగోడ ఉండడం వల్లనో రక్తం బయటికి రాలేక పేరుకుపోతుంది. పొర మూసుకుపోయి ఉంటే బయటి నుంచి చూసినప్పుడే నీలిరంగులో ఉబ్బిన పొర కనిపిస్తుంది. కొందరిలో పేరుకున్న రక్తం ఒత్తిడికి మూత్రం కూడా ఆగిపోతుంది. పొర మాత్రమే అయితే చిన్న ఆపరేషన్‌తో సరిపోతుంది. అయితే సూదితో గుచ్చి రక్తం తీసేయడం సరైన వైద్యం కాదు, దానివల్ల లోపల చీము పట్టే ప్రమాదం ఉంది.

రొమ్ములు ఎదిగి గర్భసంచి లేకపోతే, క్రోమోజోముల పరీక్షా టెస్టోస్టిరాన్ పరీక్షా కలిపి చేయించాలి. అండాశయాలు మామూలుగా ఉండి, గర్భసంచి మాత్రమే పుట్టుకతో ఏర్పడకపోవడం సుమారు 5,000 మంది ఆడపిల్లల్లో ఒకరిలో కనిపిస్తుంది. వీరికి మూత్రపిండాల స్కానింగ్ కూడా తీయాలి, ఎందుకంటే కొందరిలో ఒక్క కిడ్నీయే ఉంటుంది. ఇంకొందరిలో క్రోమోజోములు మామూలుగా మగవారిలో ఉండే 46,XY అని వస్తాయి. వీరి శరీరం టెస్టోస్టిరాన్‌కు స్పందించదు గనుక పుట్టుక నుంచీ అమ్మాయిగానే ఎదుగుతారు, చంకల్లోనూ జననాంగం వద్దా వెంట్రుకలు బాగా తక్కువగా ఉంటాయి. అండాశయాలకు బదులు వృషణాలు కడుపులోనో గజ్జల్లోనో ఉంటాయి. చిన్నప్పటి హెర్నియా గురించి డాక్టరు అడిగేది ఇందుకే.

స్కానింగ్ తప్పుదారి పట్టించే సందర్భం

రొమ్ముల ఎదుగుదల లేని పిల్లలో జరిగే పొరపాటును ఒక ఊహించిన ఉదాహరణతో చూద్దాం. తెనాలి నుంచి వచ్చి విజయవాడ హాస్టల్లో ఉంటూ ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్న పదహారేళ్ల అమ్మాయి అనుకోండి. నెలసరి రాలేదు, నొప్పి లేదు. స్కానింగ్ చేయిస్తే "గర్భసంచి కనిపించలేదు" అని రిపోర్టు వచ్చింది. ఇంట్లో వాళ్లు దానిని "గర్భసంచే లేదు" అని అర్థం చేసుకుని, ఇక చేయగలిగింది లేదని అనుకున్నారు.

ఇప్పుడు అదే అమ్మాయిని మొదటి నుంచి వరుసలో పరిశీలిద్దాం. రొమ్ముల ఎదుగుదల లేదు. ఎత్తు 138 సెంటీమీటర్లు. తండ్రి ఎత్తు 168, తల్లి ఎత్తు 155. ఆడపిల్లకు అంచనా ఎత్తు కట్టాలంటే ఈ రెంటినీ కూడి, అందులోంచి 13 తీసివేసి, మిగిలినదాన్ని సగం చేయాలి. అలా చేస్తే 155 వస్తుంది. అసలు ఎత్తు దానికి 17 సెంటీమీటర్లు తక్కువగా ఉంది. ఎనిమిదో తరగతిలో కుట్టించిన యూనిఫాం పదో తరగతిలోనూ సరిపోయిందని తల్లి చెబుతుంది. పిడికిలి బిగించమంటే, నాలుగో వేలి దగ్గర కణుపు పైకి తేలకుండా గుంట పడినట్లు కనిపిస్తుంది. మెడ వెనక వెంట్రుకలు కిందివరకు మొలిచి ఉన్నాయి. ఈ గుర్తులన్నీ అందరిలోనూ ఉండవు గానీ, కలిసి కనిపించినప్పుడు అనుభవం ఉన్న డాక్టరుకు, ఎక్స్ క్రోమోజోము లోపం వల్ల వచ్చే టర్నర్ సిండ్రోమ్ తడుతుంది.

దీనిని తేల్చడానికి మొదట చేయించేది ఎఫ్‌ఎస్‌హెచ్ రక్తపరీక్ష. అండాశయాలను పనిచేయించేందుకు మెదడు కింది పిట్యుటరీ గ్రంథి పంపే హార్మోను ఇది. అండాశయం స్పందించకపోతే పిట్యుటరీ మరింతగా పంపుతూనే ఉంటుంది, అందుకే ఈ విలువ పెరిగిపోతుంది. మన ఉదాహరణలో 68 వచ్చిందనుకుందాం. 40 దాటితే లోపం అండాశయాల్లోనే ఉందని భావించి, కొన్ని వారాల తర్వాత మళ్లీ చేయించి ఖాయం చేసుకుంటారు. ఒకవేళ అదే పరీక్షలో విలువ తక్కువగా వచ్చి ఉంటే దారి మారేది. అప్పుడు ఎదుగుదల నిదానంగా సాగే కుటుంబ లక్షణం, తిండి చాలక బరువు తగ్గడం, దీర్ఘకాలిక జబ్బు, పిట్యుటరీ సమస్య వంటివి వెతకవలసి వచ్చేది. థైరాయిడ్, ప్రోలాక్టిన్ పరీక్షలు ఏ దారిలోనైనా చేయిస్తారు.

తర్వాతది కారియోటైప్, అంటే క్రోమోజోముల పరీక్ష. రక్తంలోని కణాలను ల్యాబులో పెంచి, విభజన చెందేటప్పుడు ఒక్కొక్క కణంలో క్రోమోజోములను లెక్కపెట్టాలి గనుక, రిపోర్టుకు రెండు మూడు వారాలు పట్టవచ్చు. ఇక్కడ 45,X అని వచ్చింది. రెండు ఎక్స్ క్రోమోజోములకు బదులు ఒక్కటే ఉందని దాని అర్థం. కొందరిలో కొన్ని కణాల్లో మాత్రమే ఈ లోపం ఉంటుంది. వై క్రోమోజోము భాగం ఏమైనా కనిపిస్తే, ఆ అండాశయాల స్థానంలోని కణజాలంలో గడ్డలు వచ్చే ప్రమాదం ఉంది కాబట్టి, దాన్ని తీసేయాలా అని విడిగా ఆలోచిస్తారు.

మరి గర్భసంచి సంగతి? ఈస్ట్రోజెన్ అందని గర్భసంచి చిన్నపిల్లల్లో ఉన్నట్లే సన్నగా ఉండిపోతుంది. మూత్రాశయం సరిగా నిండకపోతే స్కానింగులో అది కంటికి ఆనదు. అందుకే రొమ్ములు ఎదగని అమ్మాయికి "గర్భసంచి లేదు" అని వచ్చిన రిపోర్టును చివరి మాటగా తీసుకోరాదు. రొమ్ములు పూర్తిగా ఎదిగిన అమ్మాయికి అదే మాట వస్తే దానికి ఎక్కువ విలువ ఉంటుంది, అప్పుడైనా ఎమ్మారై తీసి నిర్ధారించుకుంటారు.

తొందరపడి మాత్రలు వేయరాదు

"నెలసరి రావడానికి" మందుల షాపులో తెచ్చి వేసే ప్రొజెస్టిరాన్ మాత్రలు ఇలాంటి పిల్లకు పనిచేయవు, ఎందుకంటే ఈస్ట్రోజెన్ పెంచిన లోపలి పొరే అక్కడ లేదు. గర్భనిరోధక మాత్రలు వేస్తే రక్తస్రావం రావచ్చు, కానీ ఒక్కసారిగా పూర్తి మోతాదు ఈస్ట్రోజెన్ అందడం వల్ల ఎముకల ఎదుగుదల ముందే ఆగిపోయి ఎత్తు నష్టపోతుంది. ప్రొజెస్టిరాన్ మరీ ముందుగా ఇస్తే రొమ్ములు సరిగా ఎదగకపోవచ్చు. ఇక నువ్వుల చిమ్మిలి, మినప సున్నుండలు ఒంటికి మంచివే, పెట్టవద్దని ఎవరూ అనరు. అవి క్రోమోజోమును మాత్రం మార్చలేవు.

సరైన పద్ధతిలో ముందుగా ఎడమ మణికట్టు ఎక్స్‌రే తీసి, ఎముకలు ఇంకా ఎదిగే స్థితిలో ఉన్నాయో లేదో చూసి, గ్రోత్ హార్మోను వల్ల ప్రయోజనం ఉందా అని నిర్ణయిస్తారు. ఆ తర్వాత ఈస్ట్రోజెన్‌ను చాలా తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, రెండు మూడేళ్లలో మెల్లగా పెంచుతారు. సుమారు రెండేళ్లకు, లేదా మధ్యలో రక్తస్రావం కనిపించినప్పుడు, ప్రొజెస్టిరాన్‌ను కలుపుతారు. ఈ కాలంలో మళ్లీ స్కానింగ్ చేస్తే మన ఉదాహరణలోని అమ్మాయికి గర్భసంచి స్పష్టంగా కనిపిస్తుంది.

టర్నర్ సిండ్రోమ్ అని తేలిన వెంటనే గుండెకు ఎకో పరీక్ష, మూత్రపిండాల స్కానింగ్, వినికిడి పరీక్ష, థైరాయిడ్, షుగరు, బీపీ చూడాలి. వీటిలో గుండె పరీక్షను నెలసరి చికిత్స కంటే కూడా ముందు చేయించుకోవడం మంచిది, ఎందుకంటే ఈ పిల్లల్లో బృహద్ధమని ఇరుకుగా ఉండడం, దాని కవాటానికి మూడు రెక్కలకు బదులు రెండే ఉండడం వంటివి ఏ బాధా లేకుండా సంవత్సరాల తరబడి దాగి ఉండగలవు. విజయవాడ, గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రుల్లో గానీ మంగళగిరి ఎయిమ్స్‌లో గానీ మొదట గైనకాలజీ ఓపీలో చూపించుకుని, రిపోర్టులన్నీ ఒకే ఫైలులో పెట్టుకుని, హార్మోన్ల నిపుణుడి వద్దకు పంపించమని అడగవచ్చు. మొదటి ఎకో మామూలుగా వచ్చినా బీపీని ఏటా చూపించుకోవాలి, ఎకో మళ్లీ ఎన్నేళ్లకు తీయాలో గుండె డాక్టరునే అడిగి ఫైలు మీద రాయించుకోవాలి.